తినిపించలేనివాళ్ళకు: టర్కిష్ అతుకులు, తెలుగు అతుకులు

ప్రశ్న: టర్కిష్ నేర్చుకోవడం మొదలుపెట్టాను. ఒకే ధాతువు మీద ప్రత్యయాల మీద ప్రత్యయాలు పేర్చి వాక్యమంత మాట చేస్తారని చెబుతూ, చెకొస్లొవాకియా పేరుతో మొదలయ్యే ఒక పొడుగాటి మాటను అందరూ చూపిస్తున్నారు. మన తెలుగులోనూ ఇలాగే అతుకుతాయి కదా? రెండూ ఒకటేనా? తెలుగు వచ్చినవాళ్ళకు ఇందులో ఏది సులువు, ఎక్కడ తప్పులు వస్తాయి?

సమాధానం: అతుకుల వరుస రెండు భాషల్లోనూ ఆశ్చర్యపరిచేంత దగ్గరగా ఉంటుంది. తేడా అంతా అతికే ముక్క ఎలాంటిది, అతికిన చోట ఏం జరుగుతుంది అన్న రెండు విషయాల్లో ఉంది. వరుస ఒకటే కాబట్టి తెలుగువాళ్ళు టర్కిష్ మాటను విని అర్థం చేసుకోవడం త్వరగా నేర్చుకుంటారు. అతుకు స్వభావం వేరు కాబట్టి సొంతంగా మాట కట్టేటప్పుడు కొన్ని చోట్ల తడబడతారు. చెకొస్లొవాకియా మాట, అంటే ‘మేము చెకొస్లొవాకియావాళ్ళుగా మార్చలేకపోయినవాళ్ళలో మీరూ ఉన్నారట’ అనే అర్థమిచ్చే ఆ మాట, వ్యాకరణం ప్రకారం తప్పు కాదు. అయితే అది ప్రదర్శన కోసం కట్టినది, ఎవరూ రోజూ వాడేది కాదు. వాడుకలో టర్కిష్ మాటకు సాధారణంగా రెండు మూడు ప్రత్యయాలుంటాయి, అవసరమైతే ఐదారు వస్తాయి. అందుకని దాన్ని పక్కన పెట్టి, పత్రికలో శిశు ఆహారం గురించిన శీర్షికలో నిజంగా కనిపించగల ఒక మాటను తీసుకుని విప్పి చూపిస్తాను.

ముందుగా రాత గురించి ఒక మాట. టర్కిష్ మాటలను ఇక్కడ తెలుగు లిపిలోనే రాస్తున్నాను. తకార దకారాలు మన దంత్యాలకు దగ్గరగానే పలుకుతాయి. ‘జ’ అని రాసిన చోట ఉర్దూ మాట ‘జమీన్’లో మొదటి ధ్వనిని ఊహించుకోండి. టర్కిష్‌లో ఎనిమిది అచ్చులున్నాయి. వాటిలో మూడింటికి మన లిపిలో అక్షరాలు లేవు కాబట్టి అవి రాని ఉదాహరణలనే ఎంచుకున్నాను.

మన మాట ‘యెదిరెమెయెన్లెరె’. అర్థం ‘తినిపించలేనివాళ్ళకు’. ముక్కలు చేస్తే యె-దిర్-ఎ-మె-యెన్-లెర్-ఎ అవుతుంది. ‘యె’ అంటే తిను. దానికి ‘దిర్’ చేరి ‘యెదిర్’ అయితే తినిపించు. ‘ఎ-మె’ చేరితే ‘తినిపించలే-’ అనే అశక్తార్థం వస్తుంది. ‘యెన్’ చేరితే అది మన ‘తినిపించలేని’ లాంటి విశేషణ రూపం. ‘లెర్’ బహువచనం, చివరి ‘ఎ’ మన ‘కు’. ఇప్పుడు తెలుగు మాటను అదే కత్తెరతో కోయండి: తిని-పించ-లే-ని-వాళ్ళ-కు. ధాతువు, ప్రేరణార్థకం, అశక్తత, విశేషణ రూపం, బహువచనం, విభక్తి. ఏ ముక్క ముందు, ఏ ముక్క వెనుక అన్న క్రమం అక్షరాలా ఒకటే. హిందీలోనో ఇంగ్లీషులోనో ఈ అర్థాన్ని చెప్పాలంటే మాటలను విడదీసి, వరుస మార్చి వాక్యం కట్టాలి. తెలుగు మనిషి మాత్రం తన మాటను ఎడమ నుంచి కుడికి ఎలా కడతాడో టర్కిష్ మాటనూ అలాగే కట్టవచ్చు.

అయితే ఒక చోట ముక్కలు సరిగ్గా జోడీ కాలేదు, చూశారా? టర్కిష్‌లో ‘యెన్’ మీద నేరుగా బహువచన ప్రత్యయం ‘లెర్’ కూర్చుంది. తెలుగులో ‘తినిపించలేని’ మీద నేరుగా ‘లు’ చేర్చలేం. ‘కు’ కూడా చేర్చలేం. మధ్యలో ‘వాడు, ది, వాళ్ళు, వి’లలో ఏదో ఒకటి రావాలి. ఈ ‘వాళ్ళు’ ప్రత్యయం కాదు, అది ఒంటరిగా నిలబడగల సర్వనామం. ‘వాళ్ళు వచ్చారు’ అనగలం. టర్కిష్‌లో ‘లెర్ వచ్చారు’ అనే వీలే లేదు. ‘లెర్’కు మరో మాట ఆసరా లేకుండా ఉనికి లేదు. సర్వనామాన్ని వాడుకోవడం వల్ల తెలుగుకు ఒక లాభం ఉంది. ‘తినిపించలేనివాడు’, ‘తినిపించలేనిది’ అని ఆ చోటే మగవాడా కాదా అన్నది తెలిసిపోతుంది. టర్కిష్‌లో ‘యెదిరెమెయెన్’ అంటే తల్లి కావచ్చు, తండ్రి కావచ్చు. ఆ భాషలో సర్వనామాలకే లింగభేదం లేదు.

‘లే’ సంగతీ ఇదే. ‘డబ్బు లేని మనిషి’లోని ‘లేని’, ‘తినిపించలేని మనిషి’లోని ‘లేని’ ఒకే మాట. ఒక చోట స్వతంత్రంగా ఉంది, మరో చోట అతుక్కుపోయింది. వ్యతిరేకం కాని పక్షంలో మనం ‘తినిపించగల’ అంటాం. ఇందులోని ‘గల’ ‘కలుగు’ నుంచి వచ్చింది, ‘సిరి గల ఇల్లు’లో ఇప్పటికీ విడిగా కనిపిస్తుంది. అంటే శక్తికి ఒక క్రియ, అశక్తికి మరో క్రియ. టర్కిష్‌లోనూ సరిగ్గా ఇలాంటి అసమానతే ఉండడం నాకు ఈ పోలిక మొత్తంలో బాగా నచ్చిన విషయం. ‘తినిపించగలవాళ్ళకు’ అనడానికి ‘యెదిరెబిలెన్లెరె’ అంటారు. ఇందులోని ‘బిల్’ అంటే తెలుసుకొను, ఎరుగు. అది ఇప్పటికీ బతికున్న మామూలు క్రియ. వ్యతిరేకంలో మాత్రం ఆ ‘బిల్’ కనిపించదు, ‘ఎ-మె’ వస్తుంది. పాత టర్కిక్‌లో ‘చేతనగు’ అనే అర్థంలో ‘ఉ’ అనే ఒంటి అచ్చు ధాతువు ఉండేది. దాని వ్యతిరేక రూపం ముందున్న క్రియలో కలిసిపోయి కరిగిపోగా మిగిలిన ఆనవాలే ఈ ‘ఎ-మె’. అందుచేత టర్కిష్ ప్రత్యయాలన్నీ పుట్టుకతోనే ప్రత్యయాలని, తెలుగువి మాత్రమే అరిగిపోయిన మాటలని అనుకోకూడదు. అరిగే పని రెండు భాషల్లోనూ జరిగింది. టర్కిష్‌లో అది ఎక్కువగా పాత కథ, తెలుగులో ఇంకా కళ్ళ ముందే ఉంది.

ఇప్పుడు అతికిన చోట ఏం జరుగుతుందో చూద్దాం. ఇందుకు రెండో మాట కావాలి. ‘ఒకు’ అంటే చదువు. ‘ఒకుత్’ అంటే చదివించు. ‘చదివించలేనివాళ్ళకు’ అనాలంటే ‘ఒకుతమయన్లర’ అనాలి: ఒకు-త్-అ-మ-యన్-లర్-అ. దీన్ని యె-దిర్-ఎ-మె-యెన్-లెర్-ఎ పక్కన పెట్టి చూడండి. ప్రేరణార్థకం ఒక్కటే ‘దిర్’కు బదులు ‘త్’ అయింది. అది ధాతువు రకాన్ని బట్టి వచ్చే తేడా. మిగిలినవన్నీ అవే ప్రత్యయాలు, కాకపోతే అక్కడ ‘ఎ’ ఉన్న ప్రతి చోటా ఇక్కడ ‘అ’ ఉంది. ధాతువులోని చివరి అచ్చు నోటి ముందు భాగంలో పలికేదైతే ప్రత్యయాలన్నీ ‘ఎ’ వైపు, వెనుక భాగంలో పలికేదైతే ‘అ’ వైపు వెళ్తాయి. ‘ఇ’ వంటి అచ్చుండే ప్రత్యయాలకైతే రెండు కాదు, నాలుగు రూపాలుంటాయి, ఎందుకంటే వాటిలో పెదవులు గుండ్రమవుతాయా లేదా అన్నది కూడా లెక్కలోకి వస్తుంది. ‘నా ఇల్లు’ అంటే ‘ఎవిమ్’, ‘నా బడి’ అంటే ‘ఒకులుమ్’. దీన్నే అచ్చుల పొత్తు అనవచ్చు. గమనించవలసినది దిశ. ధాతువు ఆజ్ఞ ఇస్తుంది, ప్రత్యయాలు వరుసగా పాటిస్తాయి. ధాతువు మాత్రం తన అచ్చును మార్చుకోదు.

ఈ నియమం ఎక్కడ ఆగిపోతుందో చూస్తే పాత అతుకు బయటపడుతుంది. ‘చదివించగలవాళ్ళకు’ అన్న మాట ‘ఒకుతబిలెన్లెరె’. ఒకుత్-అ వరకు వెనుక అచ్చులే. ‘బిల్’ దగ్గర మాత్రం అచ్చు వెనుక వైపుకు మారలేదు. తన ‘ఇ’ తాను నిలబెట్టుకుంది, పైగా ఆ తరువాత వచ్చిన ప్రత్యయాలన్నిటినీ ‘ఎన్-లెర్-ఎ’ అని తనవైపు తిప్పుకుంది. ఒకప్పుడు అది విడి క్రియ అనడానికి ఇంతకన్నా స్పష్టమైన సాక్ష్యం అక్కర్లేదు. వర్తమానంలో జరుగుతున్న పనిని చెప్పే ‘యొర్’ కూడా ఇలాగే ఏ ధాతువుకూ లొంగదు. అదీ ఒకప్పటి క్రియే. కాబట్టి చదివేటప్పుడు ఒక మాట మధ్యలో అచ్చుల వాలు హఠాత్తుగా మారితే, అక్కడ అలాంటి పాత అతుకో, పొత్తును లెక్కచేయని అరబ్బీ, ఫ్రెంచి ఎరువు మాటో ఉందని పోల్చుకోవచ్చు.

తెలుగులో పొత్తు లేదా అంటే ఉంది. కాని అది రెండు వైపులా నడుస్తుంది. ‘పిల్లి’ని తీసుకోండి. ‘పిల్లికి’ అంటాం, ‘గోడకు’ అంటాం. ఇక్కడ మాట చివరి ‘ఇ’ ప్రత్యయాన్ని ‘కి’గా మార్చింది, అంటే టర్కిష్ దిశే. (చాలా ప్రాంతాల మాటతీరులో ‘గోడకి’ అని కూడా వినిపిస్తుంది. నేను చెబుతున్నది రాతలో నిలదొక్కుకున్న తేడా.) ఇక బహువచనంలో ‘పిల్లులు’ అంటాం. ‘లు’లోని ఉకారం వెనక్కి వెళ్ళి మాటలోని ‘ఇ’నే ‘ఉ’ చేసేసింది. ‘చదువు’కు ‘ఇంచు’ చేరితే ‘చదివించు’ అయిందీ ఇలాగే: ప్రత్యయంలోని ఇకారం ధాతువులోని ఉకారాన్ని మార్చింది. టర్కిష్‌లో పిల్లి ‘కెది’, పిల్లికి ‘కెదియె’, పిల్లులు ‘కెదిలెర్’, పిల్లులకు ‘కెదిలెరె’. నాలుగు రూపాల్లోనూ ‘కెది’ చెక్కుచెదరలేదు. గుర్రం ‘అత్’, గుర్రానికి ‘అత’, గుర్రాలు ‘అత్లర్’, గుర్రాలకు ‘అత్లర’. అదే మన గుర్రం, గుర్రానికి, గుర్రాలు, గుర్రాలకు చూడండి. మాట ఎక్కడ ముగిసి ప్రత్యయం ఎక్కడ మొదలైందో గీత గీసి చూపించడం కష్టం.

ఈ కష్టం తెలుగు నామాల్లో ఇంకా లోతుగా ఉంది. ‘ఇల్లు’కు ‘కు’ నేరుగా చేరదు, ముందు అది ‘ఇంటి’ కావాలి. ఏరు ‘ఏటి’, చేయి ‘చేతి’, కాలు ‘కాలి’ అవుతాయి. చిన్నయ సూరి ఔపవిభక్తికాలని పేరుపెట్టి వివరించినవి ఈ ఇ, టి, తి లనే. ఏ మాటకు ఏది వస్తుందో మనకు పుట్టుకతో తెలుసు కాబట్టి గుర్తించం గాని, తెలుగు నేర్చుకునే టర్కీ మనిషికి ప్రతి మాటకూ రెండు రూపాలు కంఠస్థం చేయవలసిన భారం ఇది. అవతలి వైపు ‘ఎవ్’ అంటే ఇల్లు, ‘ఎవె’ ఇంటికి, ‘ఎవ్దె’ ఇంట్లో, ‘ఎవ్దెన్’ ఇంటి నుంచి. టర్కిష్ మాటల్లోనూ చిన్న మార్పులు లేకపోలేదు. ‘కితాప్’ (పుస్తకం) అచ్చు ముందు ‘కితాబ’ అవుతుంది, ‘బురున్’ (ముక్కు) మధ్య అచ్చు జారిపోయి ‘బుర్న’ అవుతుంది. ‘బెన్’ (నేను) ‘బన’ (నాకు) కావడం వంటివి ఏ నియమానికీ లొంగవు. అయినా అవి కొద్ది. మొత్తం మీద టర్కిష్‌లో అతుకు కనబడుతూ ఉంటుంది, తెలుగులో అతుకు కరిగిపోతూ ఉంటుంది.

ఇక తెలుగులో అసలు లేని ముక్క ఒకటుంది. అది ఎవరిదన్నది నామం మీదే చెప్పే స్వామ్య ప్రత్యయం. ‘మా ఇళ్ళ నుంచి’ అన్నదాన్ని ‘ఎవ్లెరిమిజ్దెన్’ అంటారు: ఎవ్-లెర్-ఇమిజ్-దెన్. ఇల్లు, బహువచనం, మా, నుంచి. మనం ‘మా’ను మాటకు ముందు విడిగా పెడతాం, వాళ్ళు బహువచనానికీ విభక్తికీ మధ్యలో దూరుస్తారు. టర్కిష్ మాటలు మనవాటికన్నా పొడుగ్గా కనిపించడానికి ఉన్న పెద్ద కారణాల్లో ఇదొకటి. తెలుగువాళ్ళు చేసే తప్పుల్లో ఎక్కువ భాగం పుట్టేది కూడా ఇక్కడే.

ఆ తప్పు ఎలా ఉంటుందో దగ్గరగా చూద్దాం. ‘ఎవి’ అంటే వాడి ఇల్లు (ఆమె ఇల్లు కూడా). ‘దె’ అంటే లో. కాబట్టి ‘వాడి ఇంట్లో’ అంటే ‘ఎవిదె’ అని ఎవరైనా అనుకుంటారు. అది తప్పు. ‘ఎవిన్దె’ అనాలి. ప్రథమ పురుష స్వామ్యం తరువాత విభక్తి వస్తే మధ్యలో ఒక నకారం తప్పనిసరి. ఇదే నకారం సర్వనామాల్లోనూ వస్తుంది: ‘బు’ అంటే ఇది, ‘బున్దా’ అంటే ఇందులో. మనకూ ‘ఇది’ మీద నేరుగా ‘లో’ చేరదు, ‘దీనిలో’ అని నకారం వస్తుంది కదా. ఇది కాకతాళీయమైన పోలికే గాని గుర్తుపెట్టుకోవడానికి ఉపయోగపడుతుంది. అయితే ఈ నకారం మరో చిక్కు తెస్తుంది. ‘నీ ఇల్లు’ అంటే ‘ఎవిన్’. కాబట్టి ‘నీ ఇంట్లో’ అన్నా ‘ఎవిన్దె’యే. ఒకటి ఎవ్-ఇన్-దె, మరొకటి ఎవ్-ఇ-న్-దె. చెవికి రెండూ ఒకటే. సందర్భం చాలకపోతే ‘సెనిన్ ఎవిన్దె’ (నీ ఇంట్లో), ‘ఒనున్ ఎవిన్దె’ (వాడి ఇంట్లో) అని ముందు సర్వనామం చేర్చి స్పష్టం చేస్తారు. అలా చేర్చినా నామం మీది ప్రత్యయం అలాగే ఉంటుంది. తెలుగు అలవాటుతో ‘సెనిన్ ఎవ్దె’ అని ప్రత్యయం ఎగరగొట్టడం కొత్తగా నేర్చుకునేవాళ్ళలో తరచు కనిపించే దోషం.

‘ఎవ్లెరి’ అన్న చిన్న మాటను ఇంకా జాగ్రత్తగా చూడాలి. ‘ఇళ్ళను’ అనే ద్వితీయ కావచ్చు, ‘వాడి ఇళ్ళు’ కావచ్చు, ‘వాళ్ళ ఇల్లు’ కావచ్చు, ‘వాళ్ళ ఇళ్ళు’ కూడా కావచ్చు. న్యాయంగా చివరిదానికి ‘లెర్’ రెండుసార్లు రావాలి, కాని ఒకే మాటలో పక్కపక్కన రెండు ‘లెర్’లను టర్కిష్ ఒప్పుకోదు, ఒకదాన్ని మింగేస్తుంది. అతుకు స్పష్టంగా కనిపించినంత మాత్రాన అర్థం కూడా స్పష్టంగా ఉంటుందని అనుకోవద్దని చెప్పడానికి నేను ఎప్పుడూ ఈ మాటనే చూపిస్తాను.

ఈ స్వామ్య ప్రత్యయం క్రియల్లోకి కూడా వెళ్ళి, తెలుగు చేయలేని ఒక పని చేస్తుంది. మన ‘తినిపించలేకపోయినవాళ్ళు’ అన్న మాటను ఒంటరిగా తీసుకోండి. తినిపించవలసినవాళ్ళా, తినవలసినవాళ్ళా? రెండూ కుదురుతాయి. ‘పిల్లలకు తినిపించలేకపోయినవాళ్ళు’ అంటే పెద్దవాళ్ళు, ‘మేము తినిపించలేకపోయినవాళ్ళు’ అంటే పిల్లలు. మాట ఒకటే, తేడా అంతా బయట ఉన్న ‘పిల్లలకు’, ‘మేము’ అనే మాటలు తెచ్చింది. టర్కిష్ ఈ రెండింటికీ వేర్వేరు ప్రత్యయాలు పెట్టుకుంది. తినిపించలేకపోయిన పెద్దవాళ్ళు ‘యెదిరెమెయెన్లెర్’, మేము తినిపించలేకపోయిన పిల్లలు ‘యెదిరెమెదిక్లెరిమిజ్’. ‘యెన్’ ఉంటే ఆ మాట పని చేసేవాణ్ణి చెబుతుంది. ‘దిక్’ ఉంటే పని ఎవరి మీద జరిగిందో, దేని మీద జరిగిందో చెబుతుంది, పని చేసేది ఎవరన్నది దాని తరువాతి ‘ఇమిజ్’ (మా) చెబుతుంది. చెకొస్లొవాకియా మాటకు గుండెకాయ ఈ ‘దిక్-లెర్-ఇమిజ్’ భాగమే. తెలుగువాళ్ళు దీన్ని చదివి అర్థం చేసుకుంటారు గాని, రాసేటప్పుడు చేతికి ‘యెన్’ మాత్రమే వస్తుంది, ఎందుకంటే మనకు ఒకే విశేషణ రూపం ఉంది. ‘మేము చూసిన సినిమా’ అనబోయి ‘సినిమా చూసిన మేము’కు సరిపోయే ప్రత్యయం వాడేస్తారు. దీన్ని పట్టుకునే ఉపాయం సులభం. విశేషణం తరువాత వచ్చే నామమే ఆ పని చేసిందా అని అడగండి. అవును అయితే ‘యెన్’. కాదు, వేరెవరో చేశారు అంటే ‘దిక్’, దాని వెంట తప్పకుండా స్వామ్య ప్రత్యయం.

రెండు భాషలూ మళ్ళీ చేతులు కలిపే చోటు ఒకటుంది. సాధారణంగా విభక్తి వచ్చాక మాట ముగిసిందని అనుకుంటాం. కాని ‘ఎవ్దె’ (ఇంట్లో) మీద ‘కి’ చేరితే ‘ఎవ్దెకి’, అంటే ఇంట్లోది. అది మళ్ళీ నామం అయిపోయింది కాబట్టి ‘లెర్’ చేరుతుంది: ‘ఎవ్దెకిలెర్’, ఇంట్లోవాళ్ళు. దానికి షష్ఠి చేరితే ‘ఎవ్దెకిలెరిన్’, ఇంట్లోవాళ్ళ. దాని మీద ఇంకోసారి ‘కి’ చేరితే ‘ఎవ్దెకిలెరిన్కి’, ఇంట్లోవాళ్ళది. మళ్ళీ ‘లెర్’ చేరితే ‘ఎవ్దెకిలెరిన్కిలెర్’, ఇంట్లోవాళ్ళవి. ప్రతి మెట్టు దగ్గరా తెలుగు మాట పక్కనే నడిచింది, గమనించండి. విభక్తి తరువాత నామాన్ని మళ్ళీ పుట్టించి, దాని మీద మళ్ళీ విభక్తి పెట్టి, ఎన్నిసార్లైనా తిరిగే చక్రం రెండు భాషల్లోనూ ఉంది. సిద్ధాంతపరంగా దానికి అంతం లేదు, ఆపేది వినేవాడి ఓపికే. పనిముట్లు మాత్రం వేరు. వాళ్ళది ఒకే ‘కి’. మనవి నాలుగైదు సర్వనామ రూపాలు. ఈ ‘కి’ కూడా ‘బిల్’ లాగే పొత్తుకు లొంగదు. ‘బడిలో’ అంటే ‘ఒకుల్దా’, ‘బడిలోవాళ్ళు’ అంటే ‘ఒకుల్దకిలెర్’. వెనుక అచ్చుల మాటలో నడుమ ‘కి’ వచ్చాక ‘లర్’ కాకుండా ‘లెర్’ వచ్చింది.

మాట చివరి భాగంలో మరో పోలిక, అందులోనే ఒక చక్కని తేడా ఉన్నాయి. వాళ్ళ ‘మిష్’ చాలా చోట్ల మన ‘అట’. నేను చూడలేదు, ఎవరో చెప్పారు, లేదా తరువాత తెలిసింది అనే భావం. ‘గెల్మిష్’ అంటే వచ్చాడట. ఇప్పుడు ‘నేను వచ్చానట’ అని చూడండి. టర్కిష్‌లో గెల్-మిష్-ఇమ్: వచ్చు, అట, నేను. తెలుగులో వచ్చా-ను-అట: వచ్చు, నేను, అట. వాళ్ళు ‘అట’ను ముందు పెట్టి పురుష ప్రత్యయంతో ముగిస్తారు. మనం పురుష ప్రత్యయంతో క్రియను పూర్తి చేసి, పూర్తయిన వాక్యం మీద ‘అట’ను అతికిస్తాం. ‘మేము తినిపించలేనివాళ్ళమట’ అన్న మాటలోనూ ఇదే: ‘వాళ్ళం’ అని నామానికే పురుష ప్రత్యయం చేరాక ‘అట’ వచ్చింది. నామానికి ఇలా ‘నేను, మేము’ గుర్తులు చేర్చడం రెండు భాషలకూ ఉన్న లక్షణం. టర్కిష్ మాత్రం ఇక్కడా ‘మిష్’ ముందు, ‘ఇజ్’ (మేము) చివర అనే తన వరుసనే పాటిస్తుంది. మొత్తం వరుస ఒకటే అని మొదట చెప్పినదానికి నాకు తెలిసిన ముఖ్యమైన మినహాయింపు ఇదే.

ఏది ఒక మాట అన్న ప్రశ్న కూడా మీ సందేహంలో దాగి ఉంది. టర్కిష్‌లో దీనికి చాలా వరకు అచ్చుల పొత్తే గీత గీస్తుంది. ధాతువు ఆజ్ఞ ఎంత దూరం నడిస్తే మాట అంత దూరం. ప్రశ్నార్థకమైన ‘మి’ వంటివి కొన్ని, పొత్తును పాటిస్తూనే, రాతలో విడిగా ఉంటాయి. తెలుగులో సంధి మాట ఎల్లల దగ్గర ఆగదు. ‘రాముడెక్కడున్నాడు’ రాతలో ఒకే మాటగా కనిపించినా అందులో మూడు మాటలున్నాయి. కాబట్టి తెలుగులో పొడుగాటి అక్షర మాలను చూపించి ‘ఇదిగో, మాదీ టర్కిష్ లాంటిదే’ అనేవాళ్ళు చాలాసార్లు చూపిస్తున్నది ప్రత్యయాల పేర్పును కాదు, సంధిని. వేరు చేసి చూడడానికి ఒక పరీక్ష ఉంది. ఆ ముక్కను విడదీసి పలికితే దానికదే నిలబడుతుందా? ‘ఎక్కడ’ నిలబడుతుంది, కాబట్టి అది సంధి. ‘పించు’ నిలబడదు, కాబట్టి అది ప్రత్యయం. ‘వాళ్ళు’, ‘లేని’ నిలబడతాయి గాని, ‘తినిపించలేనివాళ్ళకు’ మధ్యలో ఇంకో మాటను దూర్చలేం. ఇవి రెండింటి నడుమ ఉన్నవి. తెలుగు అతుకుల్లో చాలా భాగం ఈ నడుమ ప్రదేశంలోనే ఉంది.

ఇంత పోలిక ఉంది కాబట్టి రెండూ బంధువులా అని మీకు అనిపించవచ్చు. 1856లో ద్రావిడ భాషల తులనాత్మక వ్యాకరణం ప్రచురించిన కాల్డ్వెల్‌కూ అలాగే అనిపించింది. ద్రావిడ భాషలను ఆయన టర్కిక్ భాషలు కూడా చేరిన సిథియన్ అనే పెద్ద వర్గానికి దగ్గరగా ఉంచాడు. ఆ వాదన నిలబడలేదు. ప్రత్యయాల వరుస ఒకేలా ఉండడం చుట్టరికానికి రుజువు కాదు. క్రియ చివర ఉండే భాషల్లో ఇలాంటి అమరిక విడివిడిగానే ఏర్పడుతూ ఉంటుంది. ప్రత్యయాల ధ్వనులు నియమబద్ధంగా సరిపోతే చుట్టరికం అనాలి. ‘లెర్’కూ ‘లు’కూ, ‘కి’కీ ‘కి’కీ ఉన్న పైపై పోలిక అలాంటిది కాదు.

చివరిగా, మీరు మొదటి వారాల్లోనే చేసే అవకాశమున్న తప్పును ముందే చెబుతాను. తెలుగులో సంఖ్య తరువాత బహువచనం కావాలి: ‘రెండు పిల్లులు వచ్చాయి’. టర్కిష్‌లో సంఖ్య ఉంటే ‘లెర్’ రాదు, క్రియ కూడా ఏకవచనంలోనే ఉంటుంది: ‘ఇకి కెది గెల్ది’, మాటకు మాట పెడితే ‘రెండు పిల్లి వచ్చింది’. ఎన్ని అన్నది ‘ఇకి’ చెప్పేసింది కాబట్టి ఇంకో గుర్తు అక్కర్లేదని ఆ భాష లెక్క. ‘ఇకి కెదిలెర్’ అని రాస్తే అర్థమవుతుంది గాని, చదివిన టర్కీ మనిషికి వెంటనే పంటికింద రాయిలా తగులుతుంది. ‘చాలా’, ‘కొన్ని’ వంటి మాటల తరువాత టర్కిష్ ఒక్కో మాటకు ఒక్కో తీరుగా నడుస్తుంది, వాటిని ఎదురైనప్పుడు విడివిడిగా నేర్చుకోండి. అంకె కనిపించిన చోట మాత్రం ‘లెర్’ను తీసేయండి.